ఇస్త్రీ కొట్టు లెక్క: పెట్టె, నిమిషం, రశీదు

ప్రశ్న: మాది తెనాలి. ఇంటి ముందు వీధివైపు పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది ఖాళీగా ఉంది. అందులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే చిన్న కొట్టు పెట్టుకోవాలనుకుంటున్నాను. చేతిలో ఎనభై వేలు ఉన్నాయి. మొదట ఏమేం కొనాలి? ఒక్కో బట్టకు ఎంత తీసుకోవాలి? ఎవరి చీరో చొక్కానో నా చేతిలో పాడైతే ఏం చేయాలి? ఈ మూడో సంగతే నన్ను ఎక్కువగా భయపెడుతోంది.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

నేను ఇరవై రెండేళ్లు లాండ్రీ నడిపాను. ఆ అనుభవంతో మొదట చెప్పేది ఒక్కటే. వాషింగ్ మెషిన్ కొనడాన్ని కనీసం మూడు నెలలు వాయిదా వేసి, ఇస్త్రీతోనే కొట్టు తెరవండి. ఉతుకులో ఒక్క పొరపాటు జరిగితే డ్రమ్ములో ఉన్న పదిహేను బట్టలూ ఒకేసారి పాడవుతాయి, ఇస్త్రీలో పాడయ్యేది చేతి కింద ఉన్న ఒక్క బట్టే. పైగా మూడు నెలలు ఇస్త్రీ చేస్తే మీ వీధివాళ్లు ఎలాంటి బట్టలు కడతారో, వాటిలో నూలు ఎంతో, పాలిస్టర్ ఎంతో, ఏ ఇంటివాళ్లు ఏ రోజున బట్టలు పంపుతారో మీకు తెలిసిపోతుంది. ఎంత పెద్ద మెషిన్ కావాలో, అసలు కావాలో లేదో అప్పుడు లెక్క వేసి చెప్పవచ్చు.

పెట్టె విషయానికి వద్దాం. మా నాన్నగారు ఇత్తడి బొగ్గుల పెట్టెతో పనిచేశారు. ఆరేడు కిలోల బరువు ఉండటం వల్ల ఆ పెట్టె తనంతట తానే ముడత తీసేది. మీరు మాత్రం దాని జోలికి వెళ్లవద్దు. నిప్పురవ్వ ఎగిరి బట్టకు చిల్లు పడుతుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మీ గది. గాలి ఆడని గదిలో బొగ్గు రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. బొగ్గుల పెట్టె వీధిలో బండి మీద వాడే వస్తువే గాని గదిలో వాడేది కాదు.

మీకు కావలసింది బరువున్న కరెంటు పెట్టె. ఇళ్లలో వాడేవి కిలో చుట్టూ ఉంటాయి. వాటితో రోజుకు యాభై బట్టలు చేస్తే నెల తిరక్కుండానే భుజం పట్టేస్తుంది, ఎందుకంటే పెట్టెలో లేని బరువును మీరు చేత్తో నొక్కి ఇవ్వాల్సి వస్తుంది. వృత్తివాళ్ల కోసం చేసే పెట్టెలు రెండు కిలోలకు పైబడి ఉంటాయి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా మన్నికగా ఉంటుంది. కొన్నప్పుడే కాదు, రోజూ ఉదయం కూడా దాన్ని పరీక్షించండి. మీటను నూలు గుర్తు మీద పెట్టి, పూర్తిగా వేడెక్కాక, పెట్టెను ఒక తెల్ల నూలు ముక్క మీద పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కదపకుండా ఉంచండి. ముక్క గోధుమరంగుకు తిరిగితే థర్మోస్టాట్ దెబ్బతిన్నట్టే, ఆ పెట్టె ఆ రోజు పనికి రాదు. ఈ ఒక్క అలవాటు వల్ల నా కొట్టులో ఎన్ని చొక్కాలు మిగిలాయో చెప్పలేను.

రెండో పెట్టెగా, పైన నీళ్ల సీసా వేలాడదీసే స్టీమ్ ఐరన్ తీసుకోండి. ముడత పట్టి ఎండిపోయిన నూలు చీరలకూ, మందపాటి ప్యాంట్లకూ ఆవిరి బాగా పనిచేస్తుంది. అయితే దానికి నీళ్లే శత్రువు. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నపు పొర కట్టి, కొన్నాళ్లకు తెల్ల చొక్కా మీద గోధుమరంగు చుక్కలు చిమ్ముతుంది. సీసాలో వేసే రెసిన్ గుళికలు రంగు మారగానే మార్చండి, లేదా బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. రోజూ మొదటి ఆవిరిని బట్ట మీద కాకుండా పాత గుడ్డ మీద వదలాలి.

బల్ల అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటే చాలు. మీరు నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి వచ్చేంత ఎత్తు ఉండాలి, లేకపోతే సాయంత్రానికి నడుము లేవదు. బల్ల మీద నూలు దుప్పటి రెండు మడతలు, దాని మీద ఉతికిన తెల్ల నూలు గుడ్డ బిగించి కట్టండి. స్పాంజి వేడికి కరుగుతుంది. రంగు గుడ్డ వేస్తే ఆవిరి తగిలినప్పుడు దాని రంగు ఎవరి తెల్ల పంచెకో అంటుకుంటుంది, ఆ తప్పు మీదే అవుతుంది.

కరెంటు పనిలో పొదుపు చేయవద్దు. ప్రతి పెట్టెకూ విడిగా 16 ఆంపియర్ల పాయింటు, మంచి రాగి తీగ, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. మీ చేతులు రోజంతా తడితోనూ కరెంటుతోనూ పనిచేస్తాయి. ఇంటి మీటరు నుంచి కొట్టు నడపడం నిబంధనలకు విరుద్ధం, విడిగా వాణిజ్య కనెక్షన్ అడగండి. పురపాలక సంఘం నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గురించి ఆలోచించనక్కర్లేదు.

ఇక ధర. కొత్తగా పెట్టేవాళ్లు చాలామంది పక్క వీధి కొట్టులో చొక్కాకు ఎంతో కనుక్కుని, అందులో ఒక రూపాయి తగ్గించి బోర్డు రాస్తారు. పక్కవాడి అద్దె ఎంతో, వాడి ఇంటిల్లిపాదీ కూలి లేకుండా పనిచేస్తున్నారో లేదో మనకు తెలియదు. అలాంటి ధర మీద మీ కొట్టు నిలబడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? మీరు అమ్మేది బట్ట కాదు, మీ నిమిషాలు. అందుకని ముందు ఒక నిమిషం ధర తేల్చుకోవాలి.

మీ గదికీ, మీ ఊరికీ సరిపోయేలా ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలను మీ ఖర్చులకు తగ్గట్టు మార్చుకోండి. గది మీ సొంతమే అయినా ఎవరికైనా ఇస్తే నెలకు మూడు వేలు వచ్చేది కాబట్టి దాన్ని ఖర్చులో రాయాలి. కరెంటుకు 1,300, కవర్లు, ట్యాగులు, గంజి వగైరాకు 1,500, ఇళ్లకు వెళ్లి తెచ్చి ఇవ్వడానికి పెట్రోలు 1,200, పెట్టెలూ తీగలూ అరిగిపోతాయి కనుక వాటికి 700, పాడైన బట్టల నిధికి 800 రాయండి. మీ జీతం కింద 14,000 రాయండి. ఈ చివరి అంకెను వదిలేసేవాళ్లే ఎక్కువ. అలా వదిలేస్తే లాభం కనిపిస్తుంది గాని, అది మీ కూలే. అన్నీ కలిపితే 22,500 అవుతుంది.

నెలకు ఇరవై ఆరు రోజులు కొట్టు తెరుస్తారనుకుందాం. రోజుకు ఎనిమిది గంటలు కొట్టులో ఉన్నా, బట్ట మీద చేయి ఉండేది అయిదు గంటలే. మిగతా సమయం వచ్చినవాళ్లతో మాట్లాడటానికీ, ఇళ్లకు తిరగడానికీ, కరెంటు పోయినప్పుడు ఎదురుచూడటానికీ పోతుంది. అంటే నెలకు 130 గంటలు, 7,800 నిమిషాలు. 22,500ను 7,800తో భాగిస్తే నిమిషానికి సుమారు 2.90 వస్తుంది. దాన్ని మూడు రూపాయలు అనుకోండి.

ఇప్పుడు గడియారం పక్కన పెట్టుకుని, ఒక్కో రకం బట్ట పదేసి చేసి, సగటు చూడండి. ట్యాగు కట్టడం, మడవడం, పుస్తకంలో రాయడం కూడా ఆ సమయంలోకే వస్తాయి. నా లెక్కలో చొక్కాకు నాలుగు నిమిషాలు, ప్యాంటుకు నాలుగు, దుప్పటికి అయిదు, చిన్నపిల్లల గౌనుకు రెండు, నూలు చీరకు తొమ్మిది, గంజి పెట్టి ఎండిన చీరకు తడి చల్లి, లాగి, అంచులు సరిచేయడంతో కలిపి పన్నెండు నిమిషాలు పట్టేది. మూడు రూపాయల చొప్పున చొక్కా, ప్యాంటు పన్నెండేసి, దుప్పటి పదిహేను, గౌను ఆరు, నూలు చీర ఇరవై ఏడు, గంజి చీర ముప్ఫై ఆరు అవుతాయి.

మీ వీధిలో చొక్కాకు పది రూపాయలే ఇస్తారనుకోండి. అప్పుడు ధర తగ్గించే ముందు నిమిషం తగ్గించగలరేమో చూడండి. చొక్కాను వరసగా చేస్తే, అంటే మొదట కాలరు, తరువాత భుజం పట్టీ, కఫ్‌లు, చేతులు, చివరికి ఒళ్లు అన్న వరస తప్పకుండా పాటిస్తే, చేసిన భాగం మళ్లీ నలగదు కాబట్టి నెల రోజుల్లో మూడున్నర నిమిషాలకు వస్తారు. అప్పుడు పది రూపాయలు మీకు గిట్టుతాయి. చీర దగ్గర మాత్రం తగ్గవద్దు. చొక్కా ధర అందరికీ తెలుసు కాబట్టి బేరం ఆడతారు, చీర దగ్గర మాత్రం చూసేది పనితనమే.

ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది. 7,800 నిమిషాలు నిండాలంటే నెలకు సుమారు 1,950 చొక్కాలంత పని రావాలి. వారానికి పదిహేను బట్టలు పంపే ఇల్లు నెలకు అరవై అయిదు బట్టలిస్తుంది కాబట్టి, మీకు కావలసింది ముప్ఫై ఇళ్లు. పదిహేను ఇళ్లే దొరికితే రాబడి 11,700 దగ్గర ఆగుతుంది, పనితో పాటు కరెంటూ గంజీ కూడా కొంత తగ్గినా, గది అద్దె లెక్కలోంచి తీసేసినా మీ చేతికి ఏడు వేల చుట్టూనే మిగులుతుంది. బోర్డు రాయించే ముందే రెండు వీధులు తిరిగి ఆ ముప్ఫై ఇళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి.

ఉతుకు ధర కూడా ఇలాగే తేలుతుంది. ఎనిమిది కిలోల మెషిన్‌లో ఎనిమిది కిలోలు కుక్కితే మురికి వదలదు, అయిదు కిలోల దగ్గర ఆపాలి. అది పది చొక్కాలూ ఆరు ప్యాంట్లూ అనుకోండి. విడదీయడం, వేయడం, ఆరేయడం, తీయడం కలిపి మీ నిమిషాలు ముప్ఫై, అంటే తొంభై రూపాయలు. సబ్బు పొడి, కరెంటు, నీళ్లకు నలభై, మెషిన్ అరుగుదలకు పదిహేను. మొత్తం 145ను పదహారు బట్టలకు పంచితే ఒక్కోదానికి తొమ్మిది రూపాయలు. ఇస్త్రీ ధరకు తొమ్మిదో పదో కలిపితే ఉతుకు, ఇస్త్రీ ధర వస్తుంది. అయితే కొనే ముందు రెండు చూడండి. మీ నీళ్లను సీసాలో సగం పోసి, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు వేసి గట్టిగా కుదపండి. నురగ నిలవకుండా తెల్లటి తెట్టు కడితే అవి ఉప్పునీళ్లు, ఆ నీళ్లతో ఉతికిన తెల్లబట్ట కొన్నాళ్లకు బూడిదరంగుకు తిరుగుతుంది. అలాగే ఇంటివాడకం మెషిన్లకు ఇచ్చే వారంటీ చాలా వరకు కొట్టులో వాడకానికి వర్తించదు, ఆ కాగితం చదవకుండా డబ్బు కట్టవద్దు.

ఇప్పుడు మిమ్మల్ని భయపెడుతున్న సంగతికి వద్దాం. బట్ట పాడైందన్న తగాదాల్లో ఎక్కువ భాగం పెట్టె కింద పుట్టవు, బట్ట తీసుకున్న ఆ రెండు నిమిషాల్లో పుడతాయి. అప్పుడు చూడని చిరుగు, అడగని మరక, రాయని లోపం నాలుగు రోజుల తరువాత మీ తప్పుగా తిరిగి వస్తాయి.

మా కొట్టులో జరిగిందే చెబుతాను. ఒకావిడ తన పెళ్లినాటి పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చారు. దానికి పన్నెండేళ్లు నిండాయి. నేనే తీసుకుని, విప్పి చూడకుండా, పుస్తకంలో ‘పట్టుచీర 1’ అని రాసి పక్కన పెట్టాను. బల్ల మీద విప్పితే మడత పడిన ప్రతిచోటా, జరీ అంచు పక్కన, గీత గీసినట్టు నిలువునా విచ్చిపోయి ఉంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉంటే పట్టుపోగు ఆ గీత దగ్గర పెళుసెక్కుతుంది, దాని పక్కన గట్టి జరీ ఉంటే ఇంకా తొందరగా తెగుతుంది. వేడికి కాలిన చోట అంచు గోధుమరంగులో ఉంటుంది, ఎండిన ఆకులా విరుగుతుంది, వాసన కూడా పడుతుంది. ఈ చిరుగు శుభ్రంగా, తిన్నగా, మడత గీత మీదే ఉంది. తప్పు పెట్టెది కాదని నాకు తెలుసు. కాని ఆ సంగతి నేను రాసిపెట్టలేదు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు, ఇచ్చినప్పుడు చీర బాగుందనే ఆవిడ నమ్మారు. రఫ్ఫు చేసేవాడి ఖర్చూ, దాని మీద మూడు వేలూ నేనే ఇచ్చుకున్నాను. ఆ డబ్బు రెండు నిమిషాలు చీర విప్పి చూడనందుకు కట్టిన మూల్యం.

అందుకని పట్టుచీర వచ్చినప్పుడు ఇచ్చినవాళ్ల ముందే రెండు మడతలు విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. మడత గీత దగ్గర పలచగా వెలుతురు కనబడితే, రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగితే పోగు జరిగితే, ఆ చీర వద్దని చెప్పండి, లేదా ‘మడతల దగ్గర పోగు తెగి ఉంది’ అని రశీదులో రాసి సంతకం తీసుకోండి. చొక్కాలకు కాలరు అంచు, జేబు కింద సిరా, కఫ్‌ల అరుగుదల, లేని బొత్తాలు చూడాలి. పూర్వం నల్లజీడి రసంతో ప్రతి ఇంటి బట్టకూ గుర్తు పెట్టేవారు, అది ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. మీరు అంకె వేసిన గుడ్డ ట్యాగును బొత్తం కాజాలోంచి దారంతో కట్టండి. ఇనుప పిన్నీసు తడికి తుప్పు పట్టి, తన మరకను బట్టకు అంటిస్తుంది.

మరకల్లో రెండు రకాలు కొత్తవాళ్లను బాగా కలవరపెడతాయి. ఒకటి కూల్ డ్రింకో, కొబ్బరి నీళ్లో, చెరకు రసమో ఒలికి ఎండిన చోటు. కంటికి ఏమీ కనబడదు. పెట్టె తగలగానే అందులోని చక్కెర మాడి గోధుమరంగు మచ్చ తేలుతుంది, చూసినవాళ్లు కాల్చారనే అంటారు. బట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ చిన్న వలయం, వేలితో తడిమితే కొంచెం గట్టిదనం తెలుస్తాయి. పెళ్లికో ఫంక్షనుకో కట్టివచ్చిన బట్ట అయితే, ఏమైనా ఒలికిందా అని తప్పక అడగండి, ఒలికితే ఉతకకుండా ఇస్త్రీ చేయవద్దు. రెండోది పసుపు మరక. కూర మరక సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, ఎందుకంటే పసుపులోని రంగు సబ్బులోని క్షారానికి ఎరుపెక్కుతుంది. అది కొత్త మరక కాదు, నీళ్లతో బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది, ఎండలో రెండు మూడు పూటలు ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. ఇది చూసి బెదిరి బ్లీచింగ్ పోసినవాళ్లు చీర రంగే పోగొట్టుకున్నారు. పట్టుకూ ఉన్నికీ బ్లీచింగ్ ఎప్పుడూ తగలనివ్వకూడదు, అది ఆ పోగునే తినేస్తుంది. బ్లీచింగ్‌ను ఏ యాసిడ్‌తోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఉతుకు మొదలుపెట్టాక రంగు దిగడం మీ పెద్ద తలనొప్పి అవుతుంది. కొత్త మంగళగిరి చీర, కలంకారీ, ముదురు రంగు నూలు ఏదైనా, లోపలి కుట్టు మూలను తడిపి, తెల్ల గుడ్డ పైన పెట్టి చేత్తో నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను విడిగా చన్నీళ్లలోనే ఉతకాలి. పొరపాటున ఇంకో బట్టకు రంగు అంటుకుంటే దాన్ని ఎండనివ్వవద్దు, పెట్టె అసలే తాకించవద్దు. తడిగా ఉండగానే మళ్లీ సబ్బు నీళ్లలో వేసి, నీళ్లు మారుస్తూ జాడిస్తే చాలావరకు వదులుతుంది. ఒకసారి ఎండి వేడి తగిలితే ఆ రంగు అక్కడే నిలిచిపోతుంది.

ఇస్త్రీలో మీ చేతి తప్పులు రెండు. పాలిస్టర్ కలిసిన బట్టను నూలు వేడిలో రుద్దితే కరిగి గట్టిపడుతుంది, ముదురు రంగు ప్యాంటును బయటి వైపు నేరుగా రుద్దితే నిగనిగలాడే మెరుపు వస్తుంది. చొక్కా లోపలి లేబుల్ మీద పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండుంటే 150, మూడుంటే 200 దాటకూడదని అర్థం. లేబుల్ లేకపోతే తక్కువ వేడితో, లోపలి అంచు మీద మొదలుపెట్టండి. ముదురు ప్యాంట్లను తిరగేసి గాని, పైన తడి గుడ్డ పరిచి గాని చేయండి. తెల్లటి నూలు మీద లేత పసుపు చార పడితే మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అద్ది, ఎండలో పెట్టి, ఉతికితే పోవచ్చు. గోధుమరంగు దాటి పోగు పెళుసెక్కితే దానికి మందు లేదు.

తప్పు మీదైనప్పుడు బట్ట తిరిగి ఇచ్చే వేళదాకా ఆగవద్దు. మడతల్లో దాచి ఇచ్చిన మచ్చ ఇంటికి వెళ్లాక బయటపడితే ఒక చొక్కాతో పోయేది ముప్ఫై ఇళ్లలో ఒక ఇంటితో పోతుంది. అదే రోజు ఫోన్ చేసి, ‘మీ చొక్కా జేబు మీద కాలింది, పొరపాటు నాదే, రేపు తెచ్చి చూపిస్తాను’ అని చెప్పండి. డబ్బు ఎంత ఇవ్వాలన్నదానికి నా పద్ధతి ఇది. బట్ట ఎన్నాళ్లు కట్టుకోవడానికి పనికొస్తుందో అంచనా వేసి, మిగిలిన నెలల వాటా ఇస్తాను. నా దగ్గర పనిచేసే కుర్రవాడు ఒకసారి పాలిస్టర్ కలిసిన చొక్కాను మూడు చుక్కల వేడిలో పెట్టి జేబు దగ్గర కరిగించాడు. చొక్కా ఖరీదు 1,600, కొని పద్నాలుగు నెలలైంది. అలాంటి చొక్కా మూడేళ్లు వస్తుందనుకుంటే ముప్ఫై ఆరు నెలల్లో ఇంకా ఇరవై రెండు మిగిలాయి. 1,600ను ముప్ఫై ఆరుతో భాగించి ఇరవై రెండుతో హెచ్చిస్తే 978 వస్తుంది. వెయ్యి ఇచ్చాను, ఆ వారం ఇస్త్రీ డబ్బులు తీసుకోలేదు. చొక్కా యజమాని లెక్క చూసి ఒప్పుకున్నారు. కోపంలో ఉన్న మనిషి ముందు ఊరికే ఒక అంకె చెబితే బేరంలా వినిపిస్తుంది, కాగితం మీద వేసి చూపిన లెక్క అలా వినిపించదు. కుర్రవాడి జీతంలో మాత్రం కోయలేదు, వేడి చూసుకోమని నేర్పాల్సిన పని నాది. నెలకు పక్కన పెట్టమన్న ఆ 800 ఇందుకే.

ఈ పద్ధతిని రశీదు మీద ముందే రాయండి. పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు చాలు: ‘బట్ట తీసుకునేటప్పుడు కనిపించిన లోపాలు ఇక్కడ రాశాం. మా వల్ల పాడైతే బట్ట వయసును బట్టి మిగిలిన విలువ ఇస్తాం. బట్ట తీసుకున్న రెండు రోజుల్లోపు చెప్పండి.’ కొందరు రశీదు వెనక చిన్న అక్షరాల్లో ‘మాకు ఏ బాధ్యతా లేదు’ అని అచ్చు వేస్తారు. దాని మీద ఆధారపడవద్దు. డబ్బు తీసుకుని చేసే పనిలో నిర్లక్ష్యం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అవుతుంది, బట్టల యజమాని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ మీకు అండగా నిలిచేది సంతకం ఉన్న రశీదు, లోపాలు రాసిన పుస్తకం, తీసుకున్న రోజు ఫోనులో తీసి ఉంచుకున్న ఫోటో.

మొదటి మూడు నెలలు అయిదు వేలకు మించిన పట్టుచీరలు, జరీ నిండిన లెహంగాలు, ఉన్ని కోట్లు తీసుకోవద్దు. మీ ఊళ్లో డ్రైక్లీనింగ్ చేసేవాళ్ల దగ్గరికి పంపండి. ఇరవై ఏడు రూపాయల చీర పనికి తొమ్మిది వేల బట్టను బల్ల మీద పెట్టుకుంటే, ఒక్క తప్పుకు నెల నిధి పదింతలు పోయినా చాలదు. తరువాత చేయి కుదిరి, తడి గుడ్డ పరిచి జరీని తిరగేసి చేయడం అలవాటయ్యాక తీసుకోండి. అప్పుడు దాని ధరలో నిమిషాలతో పాటు ఆ భయాన్ని కూడా లెక్కగట్టి, మామూలు చీర కంటే మూడు నాలుగింతలు అడగండి.